క్రియాటినిన్ పెరిగి, స్కాన్‌లో మూత్రపిండాలు చిన్నవిగా ఉన్న రోగి: సమాధానం

ప్రశ్న: 46 ఏళ్ల పురుషుడు. నాలుగు రోజులుగా విరేచనాలు, తర్వాత నీరసం, ఆకలి మందగించడం. మోకాళ్ల నొప్పికి ఆరేళ్లుగా తరచూ డైక్లోఫెనాక్ వాడుతున్నాడు; బీపీకి టెల్మిసార్టాన్ 40 మి.గ్రా. వేసుకుంటున్నాడు. షుగర్ లేదు. పడుకుని ఉన్నప్పుడు బీపీ 158/96, నిలబడితే 128/78. క్రియాటినిన్ 4.2 మి.గ్రా./డె.లీ. (ఏడాది కిందట 2.9), యూరియా 118, సోడియం 134, పొటాషియం 5.9, క్లోరైడ్ 106, బైకార్బనేట్ 15, కాల్షియం 7.4, ఆల్బుమిన్ 3.8, ఫాస్ఫేట్ 6.2, హిమోగ్లోబిన్ 8.6. మూత్రంలో ప్రోటీన్ 1+, ఎర్రకణాలు లేవు, కొన్ని వెడల్పాటి కాస్ట్‌లు. అల్ట్రాసౌండ్‌లో కుడి మూత్రపిండం 7.8 సెం.మీ., ఎడమది 7.6 సెం.మీ.; ఎకోజెనిసిటీ పెరిగింది, కార్టికోమెడుల్లరీ తేడా కనిపించడం లేదు, హైడ్రోనెఫ్రోసిస్ లేదు. ఈ రోగిని ఎలా పరిశీలించి, ఎలా చూసుకుంటారు?

జవాబు:

చిన్న మూత్రపిండాలు జబ్బు పాతదని చెబుతాయి. ఈరోజు పెరిగిన క్రియాటినిన్ అంతా పాతదేనని మాత్రం చెప్పవు. ఈ రోగిలో రెండూ కలిసి ఉన్నాయి: ముదిరిన దీర్ఘకాలిక మూత్రపిండ జబ్బు (సీకేడీ), దానిపైన తాజా దెబ్బ. కాబట్టి మొదట ప్రాణాపాయం చూడాలి, తర్వాత తిరిగి బాగయ్యే భాగాన్ని వెతకాలి. మూలకారణం మూడో స్థానంలో వస్తుంది.

దీర్ఘకాలికమని ఎలా తేల్చాలి

పెద్దవారిలో మూత్రపిండం పొడవు మామూలుగా 9 నుంచి 12 సెం.మీ. రెండూ 8 సెం.మీ. లోపు ఉండి కార్టెక్స్ పలచబడితే దీర్ఘకాలికమని దాదాపు ఖాయం. అయినా కొలతను గుడ్డిగా నమ్మకూడదు. ప్రోబ్ ఏటవాలుగా పడితే పొడవు తక్కువగా చూపిస్తుంది. పొట్టివారిలో, వృద్ధుల్లో మామూలుగానే కాస్త తక్కువ ఉంటుంది. అందుకే పొడవుతో పాటు కార్టెక్స్ మందం కూడా అడగాలి. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం పాత క్రియాటినిన్. ఏడాది కిందటి 2.9 ఇక్కడ స్కాన్ కన్నా ఎక్కువ చెబుతోంది: అప్పటి ఈజీఎఫ్‌ఆర్ సుమారు 26. ఇప్పటి 4.2కు సీకేడీ-ఈపీఐ 2021 సూత్రం సుమారు 17 ఇస్తుంది, కానీ క్రియాటినిన్ నిలకడగా లేనప్పుడు ఆ అంకెతో స్టేజి నిర్ణయించకూడదు.

రాత్రిళ్లు ఎక్కువసార్లు మూత్రానికి లేవడం, ఎడమ జఠరిక మందం, పీటీహెచ్ పెరగడం, వెడల్పాటి కాస్ట్‌లు దీర్ఘకాలిక జబ్బు వైపే మొగ్గుతాయి. రక్తహీనత, తక్కువ కాల్షియం, ఎక్కువ ఫాస్ఫేట్ మాత్రం తాజా వైఫల్యంలోనూ కొద్ది రోజుల్లోనే రావచ్చు. వాటి ఆధారంగా తీర్పు ఇవ్వకూడదు.

తాజా దెబ్బ ఎక్కడిది

ఇక్కడ దారి స్పష్టం: విరేచనాలతో నీరు తగ్గింది, నిలబడగానే బీపీ 30 పడిపోయింది. డైక్లోఫెనాక్ అఫరెంట్ ధమనికను, టెల్మిసార్టాన్ ఎఫరెంట్ ధమనిక నియంత్రణను దెబ్బతీశాయి. రెండూ వెంటనే ఆపాలి. ఎఫ్‌ఈనా ఇక్కడ పెద్దగా ఉపయోగపడదు, ఎందుకంటే దెబ్బతిన్న ట్యూబ్యూల్స్ నీరు తక్కువైనా సోడియాన్ని పట్టుకోలేవు; 1 శాతం దాటిందని ప్రీరీనల్ కాదనేయకూడదు. హైడ్రోనెఫ్రోసిస్ లేనంత మాత్రాన అడ్డంకి లేదనీ అనుకోకూడదు. నీరు తగ్గినవారిలో, అడ్డంకి తొలి దశలో, అది కనిపించకపోవచ్చు. మూత్రం పోశాక మూత్రాశయంలో ఎంత మిగిలిందో చూడాలి. మూత్ర ఇన్ఫెక్షన్, నాటుమందులు, ఇటీవలి కాంట్రాస్ట్ గురించి విడిగా అడగాలి. అడగకపోతే రోగి చెప్పడు.

వెంటనే చేయవలసినవి

ఈసీజీ మొదట. టీ వేవ్‌లు నిటారుగా లేవడం, పీఆర్ పెరగడం, క్యూఆర్‌ఎస్ వెడల్పు కావడం కనిపిస్తే 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. సిరలోకి నెమ్మదిగా ఇచ్చి, మార్పు పోకపోతే మళ్లీ ఇవ్వాలి. ఆపై రెగ్యులర్ ఇన్సులిన్ 10 యూనిట్లు, 25 గ్రా. గ్లూకోజ్‌తో. మూత్రపిండాలు పనిచేయనప్పుడు ఇన్సులిన్ ప్రభావం ఎక్కువసేపు ఉంటుంది, కాబట్టి ఆరు గంటల పాటు గంటగంటకూ షుగర్ చూడాలి. ఈసీజీ బాగుంటే 5.9కి మందులు ఆపడం, ద్రవాలు, పొటాషియం బైండర్ సరిపోతాయి.

ఆనయాన్ గ్యాప్ 134 - (106 + 15) = 13, అంటే మామూలే. ఈ అసిడోసిస్‌లో విరేచనాల వాటా పెద్దది. సలైన్ ఎక్కువగా పోస్తే క్లోరైడ్ పెరిగి అసిడోసిస్ ముదురుతుంది. 5 శాతం డెక్స్‌ట్రోజ్ ఒక లీటరులో సోడియం బైకార్బనేట్ 150 మి.ఈక్వి. కలిపి, నీటి లోటును బట్టి 500 మి.లీ. చొప్పున ఎక్కించి, ప్రతి విడత తర్వాత మెడ సిర, ఊపిరితిత్తులు చూడాలి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది: కాల్షియం 7.4 ఉండగా ఆమ్లతను వేగంగా సరిచేస్తే అయనైజ్డ్ కాల్షియం ఇంకా పడి టెటనీ, ఫిట్స్ రావచ్చు. ముందు కాల్షియం ఇవ్వాలి, అదీ బైకార్బనేట్ లైన్‌లో కలపకుండా.

మందులకు లొంగని పొటాషియం, ఊపిరితిత్తుల్లో నీరు, పెరికార్డైటిస్, యురీమిక్ మెదడు లక్షణాలు ఉంటే డయాలసిస్. క్రియాటినిన్ అంకె ఒక్కటే కారణం కాదు.

మూలకారణం

రెండూ సమానంగా చిన్నవైతే దీర్ఘకాలిక గ్లోమెరులోనెఫ్రైటిస్, ట్యూబ్యులో ఇంటర్‌స్టిషియల్ జబ్బు, హైపర్‌టెన్సివ్ నెఫ్రోస్క్లెరోసిస్ ప్రధానం. 1.5 సెం.మీ. మించి తేడా ఉంటే రీనల్ ధమని సన్నబడటం, ఎగుడుదిగుడు మచ్చలుంటే రిఫ్లక్స్ నెఫ్రోపతీ ఆలోచించాలి. డయాబెటిస్, అమైలాయిడ్, హెచ్‌ఐవీ నెఫ్రోపతీ, మైలోమా, పాలిసిస్టిక్ జబ్బుల్లో సీకేడీ ముదిరినా మూత్రపిండాలు మామూలుగానో పెద్దగానో ఉండటం ఎక్కువ.

ఇతనిలో ప్రోటీన్ తక్కువ, ఎర్రకణాలు లేవు, నొప్పి మాత్రలు ఆరేళ్లు. ట్యూబ్యులో ఇంటర్‌స్టిషియల్ జబ్బే ముందు వరుసలో ఉంది. కాంట్రాస్ట్ లేని సీటీలో పాపిల్లరీ కాల్షిఫికేషన్ కనిపిస్తే బలం చేకూరుతుంది. బీపీ కారణమా, ఫలితమా అన్నది పాత రికార్డులు, కంటిపాప వెనుక మార్పులు చెప్పాలి. హైపర్‌టెన్సివ్ అని తేలిగ్గా రాసేయడం పరీక్షల్లోనూ వార్డుల్లోనూ జరిగే తప్పే. మూత్రంలో ప్రోటీన్-క్రియాటినిన్ నిష్పత్తి, హెపటైటిస్ బీ, సీ, హెచ్‌ఐవీ, సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ చేయించాలి.

బయాప్సీ వద్దు. పలచని, గట్టిపడిన కార్టెక్స్‌లో రక్తస్రావం ముప్పు ఎక్కువ, దొరికేది మచ్చ కణజాలమే, దాన్ని చూసి ఇమ్యునోసప్రెషన్ ఇచ్చినా తిరిగి వచ్చేది లేదు.

తర్వాతి నెలలు

మూత్ర పరిమాణం, క్రియాటినిన్ రోజూ చూడాలి. ఒకటి రెండు వారాల్లో 3 దగ్గరకు దిగితే తాజా భాగం తిరిగి వచ్చినట్టు. మూడు నెలలకీ దిగకపోతే అదే కొత్త బేస్‌లైన్. స్థిరపడ్డాక టెల్మిసార్టాన్ తిరిగి మొదలెట్టి, 2 వారాల్లో పొటాషియం, క్రియాటినిన్ చూడాలి. క్రియాటినిన్ 30 శాతం వరకు పెరిగినా ఆపనక్కర లేదు. ఎస్‌జీఎల్‌టీ2 మందు ఈజీఎఫ్‌ఆర్ 20 పైన ఉంటేనే కొత్తగా మొదలెట్టాలి.

రక్తహీనతకు ముందు ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ చూసి ఐరన్. తర్వాతే ఎరిత్రోపోయిటిన్, హిమోగ్లోబిన్ 11.5 దాటించకుండా. వీలైనంత వరకు రక్తం ఎక్కించకూడదు: యాంటీబాడీలు పుట్టి మార్పిడికి అడ్డవుతాయి. రక్షణ లేకపోతే హెపటైటిస్ బీ టీకా 40 మైక్రోగ్రాముల మోతాదులో 0, 1, 2, 6 నెలలకు.

ఎక్కువ వాడని చేతి సిరలను ఇప్పటి నుంచే కాపాడాలి. మోచేతి కింద సూదులు, పిక్ లైన్లు వద్దు. ఫిస్టులా పక్వం కావడానికి నెలలు పడుతుంది, కాబట్టి ఈజీఎఫ్‌ఆర్ 15–20 మధ్యే సర్జన్‌కు పంపాలి. దాత ఉంటే డయాలసిస్‌కు ముందే మార్పిడి గురించి కుటుంబంతో మాట్లాడాలి. డిశ్చార్జి కాగితంపై డైక్లోఫెనాక్ పేరు రాసి, ఆ వర్గం మాత్రలేవీ వాడకూడదనీ, విరేచనాలు వాంతులు వచ్చిన రోజుల్లో టెల్మిసార్టాన్ ఆపి కబురు చేయాలనీ స్పష్టంగా రాయాలి.