రెండో గానుగ కోసం లోన్: మేనేజరు గారికి నా లెక్క

నమస్కారం సార్. నా పేరు లక్ష్మీదేవి. కదిరిలో మూడేళ్లుగా కట్టె గానుగ నడుపుతున్నాను. శనగనూనె ఎక్కువ, కొంచెం నువ్వుల నూనె కూడా తీస్తాను. మీ బ్రాంచ్‌లోనే నాకు కరెంట్ అకౌంట్ ఉంది. ఇంకో గానుగ పెట్టడానికి 3,00,000 టర్మ్ లోన్, సీజన్‌లో సరుకు కొనడానికి 1,50,000 సీసీ లిమిట్ కావాలని వచ్చాను. రెండూ కలిపి 4,50,000. ముద్రలో కిశోర్ కింద 50,000 నుంచి 5 లక్షల దాకా ఇస్తారు కాబట్టి అందులోనే సరిపోతుందని మీ ఫీల్డ్ ఆఫీసర్ గారు చెప్పారు. పది నిమిషాలు టైమ్ ఇస్తే లెక్క మొత్తం చెబుతాను. కాగితాలన్నీ ఈ ఫైల్లో ఉన్నాయి.

మొదటి గానుగ 1,10,000 అయింది సార్. డ్వాక్రా గ్రూపులో 50,000 తీసుకున్నాను, గాజులు కుదువ పెట్టి 40,000 తెచ్చాను, మిగతా 20,000 చేతిలో ఉన్నది. గ్రూపు లోన్ తీరిపోయింది, పోయిన సంక్రాంతికి గాజులు కూడా విడిపించుకున్నాను. ఇవాళ్టికి ఆ గానుగ మీద ఒక్క రూపాయి అప్పు లేదు.

అది చిన్న గానుగ. ఒక వాయికి 8 కిలోల పప్పు పడుతుంది. పప్పు పోసి, నూనె వంచి, చెక్క తీసి, రోలు తుడిచి మళ్లీ పోసేసరికి గంటంపావు. పొద్దున 7కి మొదలుపెడితే రోజుకు ఐదారు వాయిలు, అంతకు మించి కాదు. ఇప్పుడు రోజుకు సగటున 44 కిలోలు ఆడుతున్నాం, అంటే గానుగ ఖాళీగా ఉండే టైమే లేదు. ఊళ్లవాళ్లు సొంత శనక్కాయలు ఒలిపించుకుని ఆడించుకోవడానికి వస్తారు కదా, వాళ్లకు "రేపు రండి, ఎల్లుండి రండి" అని చెప్పాల్సి వస్తోంది. తనకల్లు నుంచి బస్సులో మూట పెట్టుకుని వచ్చిన ఒక పెద్దాయనను పోయిన నెల అలాగే వెనక్కి పంపాను. ఆయన మళ్లీ రాలేదు. నాకు డబ్బు పోయిన బాధ కన్నా ఆ మూట తిరిగి మోసుకుపోయిన బాధే ఎక్కువ సార్.

ఇప్పటి ఆదాయం చెబుతాను. పది కిలోల పప్పు లెక్క తీసుకుందాం. కిలో 115 చొప్పున కొంటే 1,150 అవుతుంది. అందులో 4 కిలోల నూనె దిగుతుంది, అంటే దాదాపు 4.4 లీటర్లు. లీటరు 330 చొప్పున 1,452 వస్తుంది. చెక్క ఐదున్నర కిలోలు మిగులుతుంది, పాడి ఉన్నవాళ్లు కిలో 38కి పట్టుకుపోతారు, అది 209. మొత్తం 1,661. పప్పు ఖర్చు పోను 511. సీసాలు, లేబుళ్లకు 44, కరెంటుకు 20 తీసేస్తే పది కిలోల మీద నాకు 447 మిగులుతుంది.

నెలకు సొంతంగా 500 కిలోలు ఆడుతున్నాను, దాని మీద 22,350. బయటివాళ్ల పప్పు నెలకు 600 కిలోలు. కిలోకు 15 కూలి తీసుకుంటాను, కరెంటు 2 పోను 13, అంటే 7,800. రెండూ కలిపి 30,150. ఇందులో పనిమనిషికి 9,000, షెడ్డు అద్దె 3,500, పెట్రోలు, రిపేర్లకు 2,650 పోతాయి. మిగిలేది 15,000. మా ఆయన ఆటో సంపాదన మీద ఇల్లు గడుస్తుంది, గానుగ డబ్బులోంచి ఇంటికి 6,000 మాత్రమే తీస్తాను. కాబట్టి ఈ రోజు, కొత్త గానుగ రాకముందే, నెలకు 9,000 నా చేతిలో మిగులుతోంది.

ఏడాదికి అమ్మకం, కూలి కలిపి 11 లక్షల దాకా వస్తుంది. సగానికి పైగా ఫోన్‌పే, గూగుల్‌పేలో నేరుగా మీ అకౌంట్‌లోకే పడుతుంది. నగదు మాత్రం ప్రతి సోమవారం నేనే వచ్చి కడతాను, కౌంటర్‌లో మేడం గారికి తెలుసు. పన్నెండు నెలల స్టేట్‌మెంట్ ఇదిగో. ఉద్యం రిజిస్ట్రేషన్, ఎఫ్ఎస్ఎస్ఏఐ కాగితం, షెడ్డు అద్దె ఒప్పందం దాని వెనకాలే ఉన్నాయి.

ఇక ఖర్చు. కొత్త గానుగ ఒక వాయికి 15 కిలోలు పడుతుంది. కోయంబత్తూరు నుంచి తెప్పించాలి. మోటారు, జీఎస్టీ, లారీ కిరాయి అన్నీ కలిపి 1,95,000, కొటేషన్ ఫైల్లో పెట్టాను. నూనె తేరడానికి స్టీలు డ్రమ్ములు, వడపోతకు ఫిల్టరు 58,000. త్రీ ఫేజ్ లోడు పెంచడానికి, వైరింగ్‌కు 27,000. సీసాలు నింపి మూత బిగించే చిన్న మెషీను, కాటా 35,000. షెడ్డు పక్కన రేకులు వేసి, నేల గట్టి చేయడానికి 45,000. మొత్తం 3,60,000. అందులో 60,000 నేను పెట్టుకుంటున్నాను, ఆ డబ్బు ఇప్పుడే అకౌంట్‌లో ఉంది. 3,00,000 మీరు ఇవ్వాలి.

డ్రమ్ముల గురించి ఒక్క మాట. గానుగలోంచి దిగిన నూనె వెంటనే సీసాకు పట్టేస్తే అడుగున మడ్డి దిగుతుంది. కొన్నవాళ్లు చూసి కల్తీ అనుకుంటారు. రెండు మూడు రోజులు తేరనిచ్చి, పై నూనె మాత్రమే వంచాలి. నా దగ్గర ఇప్పుడు రెండే డ్రమ్ములు ఉన్నాయి. అందుకే గానుగ ఒక్కటే కొంటే సరిపోదు, డ్రమ్ములు కూడా అంతే ముఖ్యం.

తిరిగి కట్టే సంగతి. 11 శాతం వడ్డీకి, 48 నెలలకు వేసుకున్నాను. ఈఎంఐ 7,754 వస్తుంది. నాలుగేళ్లలో కట్టేది 3,72,192, అందులో వడ్డీ 72,192. మీరు 12 శాతం అన్నా ఈఎంఐ 7,900, నెలకు 150 దాకా తేడా, దానికీ నేను సిద్ధమే. సీసీ మొత్తం వాడేసినా నెలకు వడ్డీ 1,375. అంటే ఎక్కువలో ఎక్కువ నెలకు 9,129 కట్టాలి.

కొత్త గానుగ వచ్చాక సొంత ఆడకం 500 నుంచి 800 కిలోలకు పెంచుతాను. కూలికి ఆడేది 600 నుంచి 900 అవుతుంది. రోజుకు 68 కిలోలు, రెండు గానుగలకు తేలిక పని. పెరిగిన 300 కిలోల మీద 13,410, కూలి మీద 3,900, మొత్తం 17,310 అదనం. ఇంకో మనిషిని పెట్టుకుంటే 6,000, సరుకు తిప్పడానికి పెట్రోలు 1,500 పోను 9,810. ఇప్పుడు మిగులుతున్న 9,000 కలిపితే 18,810. మీకు 9,129 కట్టాక కూడా 9,681 ఉంటుంది.

నేను అనుకున్నంత పెరగకపోతే అని మీరు అడుగుతారు. అనుకున్నదాంట్లో సగమే పెరిగిందనుకోండి. అదనం 8,655. ఖర్చు 7,500 అలాగే ఉంటుంది, మిగిలేది 1,155. పాత 9,000తో కలిపి 10,155. అప్పుడూ కిస్తీ కట్టగలను, చేతిలో వెయ్యే మిగులుతుంది. అంతకన్నా దిగజారితే రెండు నెలల ఈఎంఐకి సరిపోయేలా 18,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ వేరుగా పెట్టాను. దాన్ని లోన్ నడిచినంత కాలం కదిలించను.

సీసీ ఎందుకంటే సార్, మా వైపు శనక్కాయ వాన మీద పంట. జూన్, జూలైలో వేస్తారు, అక్టోబరు, నవంబరులో పీకుతారు. కొత్త కాయ ఇంటికొచ్చినప్పుడు రైతుకు డబ్బు కావాలి, ధర దిగుతుంది. పోయిన సీజన్‌లో పప్పు లెక్కన కిలో 103 పడింది. చేతిలో డబ్బు లేక వంద, రెండు వందల కిలోలే కొన్నాను. తర్వాత వేసవిలో షావుకారు దగ్గర అరువుకు ఆయన చెప్పిన రేటుకు తెచ్చుకున్నాను. అందుకే ఏడాది సగటు 115 పడింది. 1,50,000 చేతిలో ఉంటే సీజన్‌లోనే 1,450 కిలోలు వస్తుంది. కిలోకు 12 చొప్పున 17,400 మిగులు. నాలుగు నెలలు వాడుకుంటే వడ్డీ 5,500. నాకు దాదాపు 11,900 లాభం, ఇది పైన చెప్పిన లెక్కలో కలపలేదు. కాయ ఒలవకుండా అలాగే నిల్వ పెడతాను, ఒలిస్తే పప్పు తొందరగా చేదెక్కుతుంది. కొనేటప్పుడు కాయ చెవి దగ్గర పెట్టి ఊపి చూస్తాను. లోపల పప్పు గలగలమంటేనే ఎండినట్టు, లేదంటే బూజు పడుతుంది. ఆ విషయంలో ఎవరినీ నమ్మను, నేనే పోయి చూసుకుంటాను.

వాన తప్పిన ఏడు కూలి ఆడకం తగ్గుతుంది, దాచిపెట్టను. ఆ ఏడు ఆదోని మార్కెట్ నుంచి పప్పు తెచ్చుకోవాలి, నూనె ధర లీటరుకు పది, పదిహేను పెంచాలి. నెలనెలా తీసుకునే ఇళ్లు 140 ఉన్నాయి. ఇప్పటికి రెండుసార్లు ధర పెంచాను, నలుగురైదుగురు తప్ప ఎవరూ మానలేదు.

సిబిల్ స్కోరు 712 ఉంది. రెండేళ్ల కిందట ఒక ఫైనాన్స్ కంపెనీలో ఫోన్ ఈఎంఐ రెండు నెలలు ఆలస్యమైంది. అప్పుడు మా ఆయన ఆటోకు యాక్సిడెంట్ అయ్యి నెలన్నర మంచం మీద ఉన్నాడు. తర్వాత పెనాల్టీతో సహా కట్టేశాను, నో డ్యూ సర్టిఫికెట్ ఇదిగో. రిపోర్టు తీస్తే మీకెలాగూ కనిపిస్తుంది, నా నోటితోనే ముందు చెప్పాలనిపించింది.

మెషీనులు బ్యాంకు పేరు మీద హైపాథికేషన్ చేసుకోండి, ఇన్సూరెన్స్ నేను కడతాను. డబ్బు నా చేతికి వద్దు, మెషీను వాళ్లకే నేరుగా పంపించండి. రెండు మాటలు మాత్రం అడుగుతాను. ఆర్డర్ ఇచ్చాక గానుగ రావడానికి 40 రోజులు పడుతుంది, బిగించి లైన్లో పడాలంటే ఇంకో నెల. కాబట్టి మొదటి మూడు నెలలు వడ్డీ మాత్రమే కడతాను, నెలకు 2,750 దాటదు. నాలుగో నెల నుంచి 48 నెలలు పూర్తి ఈఎంఐ, ఈ మూడు నెలల వడ్డీ పైన చెప్పిన 72,192కు అదనం. రెండోది, ఈఎంఐ తేదీ 10 పెట్టండి. జీతాలు వచ్చాక ఒకటి నుంచి ఏడు లోపలే జనం నూనె కొంటారు, 10వ తేదీకి నా అకౌంట్ నిండుగా ఉంటుంది.

ఇది ఆగస్టు నెల. సెప్టెంబరు నెలాఖరుకు శాంక్షన్ అయితే కొత్త కాయ వచ్చేనాటికి సీసీ చేతిలో ఉంటుంది. అది దాటితే మళ్లీ షావుకారు గడపే. మీకు వీలైతే గురువారం షెడ్డుకు రండి సార్. ఏడింటికి మొదటి వాయి పోస్తాం. పద్దు పుస్తకం, కరెంటు బిల్లులు అక్కడే ఉంటాయి, నేను చెప్పిన ప్రతి అంకె వాటితో సరిచూసుకోండి.