చిన్న గది పిల్లల సంచి చెక్‌లిస్టు, రోజూ సంతకం చేసే పేజీతో

మా డేకేర్‌లో ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు
కంటోన్మెంట్, విజయనగరం. ఉదయం 8.30 నుంచి సాయంత్రం 6 వరకు

తల్లిదండ్రులకు, పిల్లల్ని దింపడానికి వచ్చే తాతయ్యలకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు:

ఈ కాగితాన్ని సంచి ముందు జేబులో ఉంచండి. సంచి ఎవరు సర్దినా ఇంట్లో ఒకసారి, మా గుమ్మం దగ్గర ఇంకోసారి దీనితో సరిచూసుకోవాలి. చిన్న గదిలో పదకొండు మంది ఉన్నారు. వాళ్లలో ఏడుగురికి ఇంకా మాటలు రాలేదు. ‘ఈ పాలు నావి కావు’ అని వాళ్లు చెప్పలేరు. ఆ మాట సీసా మీది రాతే చెప్పాలి.

పేరు, గుర్తు

చేరిన రోజున ప్రతి బిడ్డకూ ఒక బొమ్మ గుర్తు ఇచ్చాం: చిలుక, చేప, గొడుగు, మామిడికాయ, అలా. ప్రతి వస్తువు మీదా ఆ బొమ్మ, పక్కనే తెలుగులో పేరు, ఇంటిపేరులో మొదటి అక్షరం ఉండాలి. మా గదిలో ఒకే పేరున్న బాబులు ఇద్దరున్నారు కాబట్టి ఇంటిపేరు అక్షరం వదిలేయవద్దు. రెండేళ్లు నిండిన పిల్లలు తమ బొమ్మ చూసి తమ సంచిని తామే తెచ్చుకుంటారు. ఆ సంతోషం వాళ్ల ముఖాల్లో చూడాలి!

▢ చొక్కా, గౌను: మెడ వెనుక, లోపలి వైపు
▢ లాగు: నడుము పట్టీ లోపల
▢ చెప్పులు: రెండింటికీ, లోపల మడమ ఆనే చోట (అడుగున రాస్తే నాలుగు రోజుల్లో అరిగిపోతుంది)
▢ దుప్పటి, తువ్వాలు: ఒక మూల
▢ సంచి: బయట బొమ్మ మాత్రమే, పేరు లోపల

సంచి బయట పేరు రాయవద్దనడానికి కారణం ఉంది. వీధిలో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పసివాళ్లు తెలిసినవాళ్లే అనుకుని చేయి చాపుతారు.

తెల్లని నాడా ముక్క మీద చెరగని మార్కరుతో రాసి, నాలుగు వైపులా కుట్టేయడం అన్నిటికంటే మేలు. పిన్నీసుతో గుచ్చిన చీటీలను మేం తీసి పక్కన పెట్టేస్తాం. చాకలి గుర్తు పెట్టే నల్లజీడి రసం పిల్లల బట్టల మీద అసలే వద్దు, దాని వల్ల చర్మం పొక్కుతుంది.

మారు బట్టలు

▢ మూడు జతలు. జూన్ నుంచి అక్టోబరు వరకు నాలుగు
▢ టాయిలెట్ అలవాటు చేస్తున్న పిల్లలకు అదనంగా రెండు లాగులు
▢ డైపర్లు వాడేవాళ్లకు రోజుకు ఐదు
▢ నూలు గుడ్డ ముక్కలు ఆరు. పాత నూలు చీర చింపి, ఉతికి, ఎండలో ఆరబెట్టినవి చాలు
▢ తడి బట్టలకు జిప్పు కవర్లు రెండు

ఒక చొక్కా, ఒక లాగు, ఒక బనీను కలిపి చుట్టి, ఒక్కో జతను ఒక్కో కవరులో పెట్టండి. బిడ్డ ఒళ్లంతా తడిసి ఏడుస్తున్నప్పుడు ఆయమ్మ ఒక చేత్తో ఎత్తుకుని రెండో చేత్తో వెతకాలి. ఒక్క కవరు తీస్తే పని అయిపోవాలి. ప్రతి నెల మొదటి సోమవారం ఆ జతలను ఒకసారి తొడిగి చూడండి. ఈ వయసులో ఎదుగుదల ఎంత వేగమో మీకే తెలుసు. సంచి అడుగున ఉండిపోయిన జత అవసరం వచ్చే రోజుకు భుజాల దగ్గర పట్టదు.

బీరువాలో కలరా ఉండల మధ్య దాచిన బట్టలైతే, ఉతికి బాగా ఎండబెట్టాకే పంపండి. ఆ వాసన పీలిస్తే కొందరు పసివాళ్లలో ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమై కామెర్లు వస్తాయి.

సీసాలు, తిండి

గత ఏడాది మా దగ్గర జరిగిన పొరపాటు దాచను. ఒకే దుకాణంలో కొన్న, నీలి మూతల సీసాలు రెండు వచ్చాయి. పేర్లు మూతల మీదే ఉన్నాయి. కడిగాక మూతలు తారుమారయ్యాయి. ఆవుపాలు పడని పాపకు ఆవుపాలు పట్టేశాం. గంటలో ఒళ్లంతా దద్దుర్లు. డాక్టరు చూసి ఇంటికి పంపేదాకా ఆ తల్లి కళ్లలోకి చూడలేకపోయాను. అందుకే ఈ భాగంలో సడలింపు లేదు.

▢ సీసా ఒంటి మీద ఒకటి, మూత మీద ఒకటి, రెండు చోట్లా గుర్తు
▢ ఏ పాలు, ఎన్ని గంటలకు సిద్ధం చేశారు: ఆ రోజు చీటీ అంటించాలి
▢ పడని పదార్థం ఉంటే సీసాకు, గిన్నెకు ఎర్ర పట్టీ
▢ సీసా పీక సరిచూశారా? పగులు, సాగుడు కనిపిస్తే కొత్తది
▢ కాచి చల్లార్చిన నీళ్లు, మూతున్న గ్లాసులో

పిండి తీసిన తల్లిపాలను మంచు ప్యాకెట్టు పక్కన పెట్టి తెచ్చి, గుమ్మం దగ్గరే చేతికివ్వండి. వెంటనే ఫ్రిజ్‌లో పెడతాం. డబ్బా పాలను కలిపి తేవద్దు. పొడి కొలిచి పొడి డబ్బాలో, కాచిన నీళ్లు ఫ్లాస్కులో పంపితే ఇక్కడ కలుపుతాం. కలిపిన పాలు బయట రెండు గంటలకు మించి ఉంచం. బిడ్డ తాగి వదిలిన పాలను పారబోస్తాం, దయచేసి నొచ్చుకోవద్దు.

చోడి జావ, పప్పన్నం, మెత్తని ఇడ్లీ, అరటిపండు హాయిగా పంపండి. జావ మరీ చిక్కగా ఉంటే సీసా పీకలో ఇరుక్కుంటుంది, చెంచాతో పెట్టేలా గిన్నెలో పంపండి. వేరుశనగ గింజలు, మరమరాల ఉండలు, కోయని ద్రాక్ష వద్దు. గొంతులో అడ్డం పడతాయి.

సంచిలో ఉండకూడనివి

మెడలో తాడు, పూసల గొలుసు నిద్రలో బిగుసుకోవచ్చు. దిష్టి తాడు తీయడం ఇష్టం లేకపోతే నడుముకు మార్చి కట్టండి, మేం కాదనం. బటన్ బ్యాటరీ ఉన్న బొమ్మలు, నాణేలు వద్దు. మందులను సంచిలో పెట్టవద్దు. డాక్టరు చీటీతో పాటు మా చేతికే ఇవ్వండి.

తొలేళ్ల సోమవారం ఊరంతా జనమే. ఆటోలు ఆలస్యమవుతాయి కాబట్టి ఆ రోజు ఒక పూట తిండి ఎక్కువ పెట్టండి. సిరిమానోత్సవం రోజు మాకు సెలవు.

సంతకం పేజీ

దింపేటప్పుడు ఒకటి, తీసుకెళ్లేటప్పుడు ఒకటి, రోజుకు రెండు సంతకాలు. సంచి తెరిచి చూశాకే పెట్టండి. ఆటో అతను తొందరపెట్టినా సరే. రాయడం రాని పెద్దలు వేలిముద్ర వేస్తే చాలు, జాబితా మేం చదివి వినిపిస్తాం. కింద ఉన్నది చిలుక గుర్తు పాప పేజీ. వాళ్ల అమ్మగారి అనుమతితో నమూనాగా ఇస్తున్నాం.

14-7-2025, సోమవారం. చిలుక గుర్తు. వయసు 1 సంవత్సరం 8 నెలలు.

ఉదయం 8.40, దింపినవారు: నాయనమ్మ
☑ మారు జతలు 4
☑ డైపర్లు 5
☑ పాల సీసాలు 2, ఎర్ర పట్టీ లేదు
☑ నీళ్ల గ్లాసు 1, జావ గిన్నె 1, చెంచా 1
☒ తువ్వాలు లేదు. మా దగ్గరిది ఇచ్చాం, రేపు తేవాలి
ఇంటి నుంచి మాట: రాత్రి సరిగా పడుకోలేదు, కింది దవడ పన్ను వస్తోంది. జ్వరం లేదు.
నాయనమ్మ వేలిముద్ర, ఆయమ్మ సంతకం ఉన్నాయి.

పగలు
10.15: ఒక సీసా పాలు పూర్తిగా తాగింది. 12.30: జావ సగం. 1 నుంచి 2.40 వరకు నిద్ర. 3.30: రెండో సీసాలో సగం, మిగిలింది పారబోశాం. డైపర్లు నాలుగు మార్చాం. నీళ్ల తొట్టి దగ్గర ఆడి రెండు జతలు తడిపింది.

సాయంత్రం 5.50, తీసుకెళ్లినవారు: అమ్మ
☑ తడి జతలు 2, జిప్పు కవరులో
☑ పొడి జతలు 2, డైపరు 1
☑ సీసాలు 2, మూతలు 2, గ్లాసు, గిన్నె, చెంచా
రేపటికి: జతలు 2, డైపర్లు 4, తువ్వాలు, నమలడానికి మెత్తని గుడ్డ ఒకటి
అమ్మ సంతకం, ఆయమ్మ సంతకం ఉన్నాయి.