తిరుపతి చేతిపని ఇంటి అలంకరణ: కలంకారీ వాల్ హ్యాంగింగ్, గుమ్మం తోరణం, టెర్రకోట కుండీలు

బోర్డు వివరణ
శ్రీకాళహస్తి కలంకారీతో గోడ అలంకరణ, పూజగదికి తోరణాలు, బాల్కనీకి పలమనేరు మట్టి కుండీలు. అన్నీ చేతిపనే. పిన్‌లలో కొలత, తగిలించే పద్ధతి, ఉతికే పద్ధతి ఉంటాయి.

పిన్ 1: హాల్ గోడకు కలంకారీ వాల్ హ్యాంగింగ్, జీవవృక్షం, 24 x 36 అంగుళాలు
నూలు గుడ్డ మీద వెదురు కలంతో గీసిన శ్రీకాళహస్తి కలంకారీ. గీతల నలుపు రంగు, ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన నీళ్లది. గీత ఒకచోట లావుగా, ఇంకోచోట సన్నగా కనబడుతుంది. ఆకులన్నీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే అది ప్రింటే అనుకోండి. వెనక లైనింగ్ గుడ్డను ముందే తడిపి ఆరబెట్టి కుట్టాం. అలా చేయకపోతే మొదటి ఉతుకులోనే లైనింగ్ కుంచించుకుపోయి బొమ్మ ముడతలు పడుతుంది. పైనా కిందా టేకు కర్రలు. కింది కర్ర లేకపోతే అంచు ముడుచుకుంటుంది. సోఫా పైన 8 అంగుళాలు వదిలి తగిలించండి. గృహప్రవేశం గిఫ్ట్‌గా బాగుంటుంది. ధర 2,400 రూపాయలు.

ఆల్ట్ టెక్స్ట్: లేత గోధుమరంగు గుడ్డ మీద ఎరుపు, నలుపు గీతల చెట్టు, కొమ్మల మీద రెండు నెమళ్లు, పైనా కిందా చెక్క కర్రలు.

పిన్ 2: కలంకారీ గుడ్డ రంగు పోకుండా ఉతకడం ఎలా
చల్లటి నీళ్లు, కుంకుడు రసం, ఐదు నిమిషాలు చాలు. నానబెట్టొద్దు, పిండొద్దు, బ్లీచ్ అసలే వద్దు. నీడలో ఆరేసి, వెనక వైపు ఇస్త్రీ చేయండి. రోజూ ఎండ పడే కిటికీ ఎదురుగా తగిలిస్తే పసుపు ముందు వెలిసిపోతుంది. కొత్త గుడ్డకు పాలు, కరక్కాయ వాసన ఉంటుంది, ఉతికేకొద్దీ పోతుంది.

పిన్ 3: గుమ్మం తోరణం, గుడ్డ మామిడాకులు, పూజగది అలంకరణ
36 అంగుళాల గుమ్మానికి 40 అంగుళాల తోరణం. ఆ నాలుగు అంగుళాలు మధ్యలో కొద్దిగా వంపు కోసం. 11 ఆకులు, లోపల బక్రం, చివర చిన్న ఇత్తడి మువ్వ. పెద్ద మువ్వ కడితే ఆకు సాగి వేలాడుతుంది, అందుకే పెట్టలేదు. అద్దె ఇంట్లో స్టిక్కర్ హుక్ సున్నం గోడకు పట్టదు, పెచ్చుతో సహా ఊడొస్తుంది. నున్నటి చెక్క ద్వారబంధానికి అతికించండి. వరలక్ష్మీ వ్రతానికి రిటర్న్ గిఫ్ట్‌గా 10 పైన ఆర్డర్ తీసుకుంటాం. ధర 650 రూపాయలు.

పిన్ 4: పలమనేరు టెర్రకోట కుండీ, బాల్కనీ డెకర్, మనీప్లాంట్‌కు
మొక్క పెట్టే ముందు కుండీని రాత్రంతా నీళ్లలో ఉంచండి. పొడి మట్టి కుండీ వేళ్లకు అందాల్సిన తేమను తనే పీల్చేస్తుంది. బోరు నీళ్లు పోస్తే బయట తెల్లటి ఉప్పు మచ్చలు వస్తాయి, అవి పగుళ్లు కావు. తడి బ్రష్‌తో రుద్దితే పోతాయి. కింద పళ్లెం పెట్టకపోతే నేల మీద గుండ్రటి మరక పడుతుంది. 8 అంగుళాల కుండీ, పళ్లెంతో కలిపి 380 రూపాయలు. తిరుపతి లోపలైతే ఇంటికి చేరుస్తాం. మట్టి వస్తువు కాబట్టి పార్సిల్‌లో పంపం.