గోల్డ్ స్కీమ్ మధ్యలో ఆపి, జమైన బంగారం విలువ ఇప్పించమని లేఖ

హనుమకొండ,
10 నవంబర్ 2025.

మేనేజర్ గారికి,
నెలసరి గోల్డ్ స్కీమ్ విభాగం, హనుమకొండ చౌరస్తా బ్రాంచి.

విషయం: స్కీమ్ కార్డు నంబర్ 1187 రద్దు చేసి, అందులో జమైన 4.392 గ్రాముల విలువ చెల్లించడం గురించి.

అయ్యా,

నేను మీ దగ్గర నెలకు 5,000 రూపాయల చొప్పున 11 నెలల స్కీమ్‌లో చేరాను. మార్చి 5 నుంచి అక్టోబర్ 5 దాకా 8 కిస్తీలు, మొత్తం 40,000 రూపాయలు కట్టాను. ఆరు కిస్తీలు ఫోన్‌పేలో, రెండు నగదుగా. అన్నిటికీ రసీదులున్నాయి. నవంబర్ కిస్తీ కట్టలేదు. ఇక ముందు కూడా కట్టలేను కాబట్టి ఈ లేఖ అందిన రోజు నుంచే నా స్కీమ్ ఆపేయండి.

కారణం మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. అక్టోబర్ 29న మొంథా తుపానుకు మన ఊరు ఎట్లా మునిగిందో మీరూ చూశారు. హంటర్ రోడ్డులో నా టైలరింగ్ షాపులోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. రెండు మిషన్ల మోటార్లు పోయాయి. పెళ్లిళ్ల కోసం కుట్టడానికి ఇచ్చిన పట్టు జాకెట్ ముక్కలు బురదలో నానిపోయి రంగు దిగాయి, వాటికి డబ్బులు నేనే కట్టివ్వాలి. బిడ్డకు పుస్తెల తాడు చేయిద్దామని దాచుకున్న బంగారం ఇది. మిషన్లు తిరిగితేనే తాడైనా, తిండైనా.

శనివారం దుకాణానికి వచ్చి అడిగితే, కౌంటర్ దగ్గరున్న అబ్బాయి "మధ్యలో మానేస్తే కట్టిన 40,000 మాత్రమే వస్తుందక్కా" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు, పైనుంచి చెప్పమన్నదే చెప్పి ఉంటాడు. కానీ ఆ మాట నా కార్డుతో కలవడం లేదు.

నా కార్డులో ప్రతి కిస్తీ పక్కన రూపాయలే కాదు, ఆ రోజు 22 క్యారెట్ల రేటు ప్రకారం ఎంత బరువు జమైందో కూడా మీ వాళ్లే రాసి, ముద్ర వేశారు. మార్చిలో అదే 5,000కు 0.623 గ్రాము వస్తే, అక్టోబర్ నాటికి 0.457 గ్రామే వచ్చింది. రేటు పెరిగిన కొద్దీ నాకు తక్కువ బంగారం రాసినప్పుడు నేనేమీ అనలేదు, అది స్కీమ్ పద్ధతి. అదే పద్ధతిలో ముందు జమైన గ్రాములకు పెరిగిన విలువ కూడా నాదే కావాలి కదా. పెరిగినప్పుడు రూపాయల లెక్క, జమ చేసుకునేటప్పుడు గ్రాముల లెక్క అంటే ఎట్లా?

కార్డు వెనుక ఉన్న నిబంధనలు రెండుసార్లు చదివాను. 11 కిస్తీలు పూర్తి చేయకపోతే బోనస్ కిస్తీ ఉండదని ఉంది. ఆ బోనస్ నేను అడగడం లేదు. జమైన బరువును రద్దు చేస్తామని మాత్రం ఎక్కడా లేదు. ఉంటే, నేను సంతకం పెట్టిన ఫారంలో ఆ వాక్యం ఏదో చూపించి, నకలు ఇవ్వండి.

కాబట్టి 4.392 గ్రాములకు, మీరు చెల్లించే రోజు మీ బోర్డు మీద ఉన్న 22 క్యారెట్ల రేటు కట్టి ఇవ్వమని కోరుతున్నాను. నేను నగ కొనడం లేదు, అందుకే తరుగు, మజూరీ, జీఎస్టీ పేరుతో ఏ కోతా ఉండకూడదు. బదులుగా నాణెమో, చెవి దిద్దులో తీసుకోమని అనకండి. దాన్ని తీసుకుపోయి ఇంకో దుకాణంలో అమ్ముకుంటే మళ్లీ నాకే నష్టం. నగదు కూడా వద్దు, నా బ్యాంకు ఖాతాకే పంపండి. రద్దు చేసిన చెక్కు ఒకటి జత చేశాను.

జూన్ 5న కట్టిన కిస్తీని కార్డులో 7వ తారీఖున ఎక్కించారు. ఆ రెండు రోజుల రేటు తేడాను పట్టించుకోవడం లేదు, ఆ సంగతి గుర్తుండాలని రాస్తున్నానంతే.

కార్డు, రసీదుల జిరాక్సులు, ఆధార్ నకలు ఈ లేఖతో ఇస్తున్నాను. అసలు కార్డు మాత్రం డబ్బు ఖాతాలో పడిన రోజు తెచ్చి, సంతకం చేసి అప్పగిస్తాను. లేఖ ముట్టినట్టు రెండో ప్రతి మీద తేదీ వేసి, దుకాణం ముద్ర కొట్టి ఇవ్వండి.

నవంబర్ 25లోగా చెల్లించండి. ఇవ్వలేమంటే ఆ కారణం నోటిమాటగా కాకుండా కాగితం మీద రాసివ్వండి. రెండూ జరగకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవాల్సి వస్తుంది. మా అమ్మ మట్టెల నుంచి నా పెళ్లి గుండ్ల దాకా మీ దగ్గరే తీసుకున్నాం, అందాకా రానివ్వరనే అనుకుంటున్నాను.

ఇట్లు,
సరళ
టైలరింగ్ షాపు, హంటర్ రోడ్డు, హనుమకొండ.
(ఫోన్ నంబర్ కార్డు మీద ఉన్నదే. మధ్యాహ్నం రెండు దాటాక చేయండి, పొద్దున షాపు కడుగుడులో ఉంటాను.)