పీఎఫ్ ఖాతా బదిలీ క్లెయిమ్‌లో జాప్యం గురించి ప్రాంతీయ కమిషనరు గారికి లేఖ

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.
24-03-2025

ప్రాంతీయ భవిష్యనిధి కమిషనరు గారికి,

అయ్యా,

విషయం: ఫారం-13 ద్వారా కోరిన ఖాతా బదిలీ పెండింగులో ఉండటం గురించి.
పాత పీఎఫ్ ఖాతా నంబరు: AP/63817/1142. UAN: 101038476215.

నేను తమ కార్యాలయ పరిధిలోని ఒక ప్రైవేటు సంస్థలో 06-06-2017 నుంచి 31-08-2024 వరకు స్టోర్స్ గుమాస్తాగా పనిచేసి, 09-09-2024న పర్లాకిమిడిలో కొత్త ఉద్యోగంలో చేరాను. పాత ఖాతాలోని సొమ్మును, సర్వీసు వివరాలను కొత్త ఖాతాకు బదిలీ చేయమని 18-11-2024న ఆన్‌లైన్‌లో క్లెయిమ్ పెట్టగా, మా ప్రస్తుత యాజమాన్యం దానిని 22-11-2024న ధ్రువీకరించింది. పాస్‌బుక్ ప్రకారం నా వాటా, యాజమాన్యం వాటా కలిపి రూ. 2,87,640 పాత ఖాతాలోనే ఉన్నాయి.

డిసెంబరు ఆఖరు దాకా ఏ సమాధానమూ రాకపోవడంతో 06-01-2025న ఫిర్యాదు నమోదు చేశాను. మా తండ్రిగారి పేరు రెండుచోట్ల రెండు రకాలుగా ఉందంటూ 20-01-2025న ఆ ఫిర్యాదును ముగించారు. ఒకచోట Venkata Ramana అని, మరొకచోట Venkataramana అని ఉండటమే ఆ తేడా. అక్షరాలన్నీ అవే, మధ్యలో ఖాళీ మాత్రమే లేదు. అయినా అభ్యంతరాన్ని గౌరవించి, యాజమాన్యం ద్వారా 27-01-2025న జాయింట్ డిక్లరేషన్ పంపాను. అది ఆమోదం పొందినట్లు 14-02-2025న నా ఫోనుకు సందేశం వచ్చింది. ఆ తర్వాత 38 రోజులు గడిచినా క్లెయిమ్ స్థితి Under Process అనే చూపిస్తోంది.

03-03-2025న ఒకరోజు సెలవు పెట్టి, పాతపట్నం మీదుగా బస్సులో తమ కార్యాలయానికి స్వయంగా వచ్చాను. కౌంటరులోని ఉద్యోగి మర్యాదగానే మాట్లాడారు గాని, ఫైలు ఎవరి దగ్గర ఉందో చెప్పలేకపోయారు.

భవిష్యనిధి పథకం 72వ పేరా 7వ ఉపపేరా ప్రకారం, అన్నివిధాలా సక్రమంగా ఉన్న క్లెయిమ్‌ను అందిన 20 రోజుల్లో పరిష్కరించాలని, లోపముంటే అదే గడువులో రాతపూర్వకంగా తెలియజేయాలని ఉంది. నా విషయంలో లోపం సంగతి 63 రోజులకు, అదీ నేను ఫిర్యాదు చేశాకనే తెలిసింది.

సొమ్ము కంటే సర్వీసు గురించే నా ఆందోళన ఎక్కువ. పింఛనుకు పదేళ్ళ సర్వీసు కావాలి. పాతచోట చేసిన ఏడేళ్ళ పైచిలుకు సర్వీసు తమ కార్యాలయం నుంచి ఎనెక్షర్-కె వెళితే తప్ప కొత్త ఖాతాలో కలవదు.

కనుక క్లెయిమ్‌ను వెంటనే పరిష్కరించి, ఎనెక్షర్-కెను ఒడిశాలోని సంబంధిత కార్యాలయానికి పంపి, ఆ ప్రతిని నాకు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. ఇంకా ఏదైనా పత్రం అవసరమైతే, అన్నింటినీ ఒకేసారి రాతపూర్వకంగా తెలపగలరు. ఒక్కొక్క కాగితానికి ఒక్కొక్క సెలవు పెట్టుకునే వీలు కొత్త ఉద్యోగంలో నాకు లేదు.

క్లెయిమ్ రసీదు, ఫిర్యాదుకు వచ్చిన సమాధానం, జాయింట్ డిక్లరేషన్ ఆమోద సందేశం, పాస్‌బుక్ నకళ్ళు జతపరిచాను.

ఇట్లు,
తమ విధేయుడు,
బి. అప్పలనాయుడు