34వ పేజీ ఎత్తిరాత: ఏటికొప్పాక లక్క బొమ్మలు

[ఎత్తిరాసినవారి మాట]

ఇది 2018 జనవరి సంక్రాంతి సంచికలో 34వ పేజీ. స్కాన్‌లో వ్యాసం రెండు కాలమ్‌లుగా ఉంది. రెండో కాలమ్ కింద సగం నీలం గీతల బాక్స్ ఐటమ్. మొదటి కాలమ్ మధ్యలో పెద్ద అక్షరాలతో ఒక పుల్ కోట్ ఉంది. అది వ్యాసంలోని ఒక వాక్యాన్ని నడిమికి విడగొట్టింది: దాని పైన "తిరుగుతున్న చెక్కకు" అని, దాని కింద "రంగు లక్క కడ్డీని" అని ఉంది. పేజీని పై నుంచి కిందకు వరసగా ఎత్తి రాస్తే, చెవితో విని చదివేవాళ్లకు ఆ వాక్యం అర్థమే కాదు. అందుకే ముందు వ్యాసాన్ని ఎక్కడా తెగకుండా ఇచ్చి, పుల్ కోట్, బాక్స్, ఫొటో కింది మాట ఆ తర్వాత వేరువేరుగా ఇచ్చాను. చదరపు బ్రాకెట్లలో ఉన్నవన్నీ నా మాటలు, మిగతాదంతా పత్రికలో అచ్చయినదే.

[ప్రధాన వ్యాసం మొదలు]

లక్క పూసిన అంకుడు కర్ర

వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో బొమ్మ తయారయ్యే తీరు

విశాఖ జిల్లా ఎస్.రాయవరం మండలంలోని ఏటికొప్పాకకు వెళితే, బొమ్మ కంటికి కనబడకముందే లేత్ మోటారు రొద చెవిన పడుతుంది. [2018 నాటి పేజీ కనుక జిల్లా పేరు ఇలా ఉంది. 2022 ఏప్రిల్ నుంచి ఈ ఊరు అనకాపల్లి జిల్లాలోది. అచ్చులో ఉన్నట్టే ఉంచాను.] ఊరు బొమ్మలకు పేరుపడింది కానీ ఇక్కడి పనివాళ్ల చేతిలో కుంకుమ భరిణెలు, గిలకలు, బొంగరాలు, లక్కపిడతలు కూడా తయారవుతాయి. సంక్రాంతి బొమ్మల కొలువులో పై మెట్టు మీద దేవుళ్లుంటే, కింది మెట్టు మీద పెళ్లి బాజాల వాళ్లను, బుల్లి వంటసామానును పేర్చడానికి ఈ ఊరి సరుకూ వాడతారు.

అన్నిటికీ మూలం అంకుడు కర్ర. తెల్లగా, తేలిగ్గా, నున్నటి పోగుతో ఉంటుంది. ఉలి ఆనిస్తే పెచ్చులు లేవదు. పచ్చి కర్రతో పని మొదలుపెడితే బొమ్మ ఆరాక బీటలు వారుతుంది కాబట్టి ముందు కర్రను బాగా ఆరనివ్వాలి. ఆ ఓపిక లేనివాళ్ల సరుకు కొన్నాళ్లకే పగిలి కనబడుతుంది. ఇదే చెట్టు కర్రతో కర్ణాటకలోని చన్నపట్నంలోనూ లక్క బొమ్మలు చేస్తారు. కొండపల్లి దారి వేరు. అక్కడ తెల్లపొణికి కర్రను చేత్తో చెక్కి, ముక్కలు అతికించి, కుంచెతో రంగులు వేస్తారు. ఏటికొప్పాకలో బొమ్మను లేత్ మీద తిప్పి తీస్తారు. అందుకే ఈ బొమ్మల్లో తల, మెడ, నడుము అన్నీ గుండ్రంగానే ఉంటాయి. చేతులు, ముక్కు లాంటివి విడిగా చేసి బిగించాల్సిందే.

అసలు విద్య లక్క పూయడంలో ఉంది. తిరుగుతున్న చెక్కకు రంగు లక్క కడ్డీని గట్టిగా ఆనిస్తే, రాపిడికి పుట్టిన వేడికి లక్క కరిగి చెక్కను పట్టుకుంటుంది. [పుల్ కోట్ విడగొట్టిన వాక్యం ఇదే. ఇక్కడ కలిపి ఇచ్చాను.] కుంచె లేదు, పొయ్యి లేదు. చెక్క వేగం తగ్గితే లక్క గడ్డలు గడ్డలుగా అంటుకుంటుంది. కడ్డీని ఒకేచోట ఎక్కువసేపు ఉంచితే పొర మందమై మచ్చ పడుతుంది. రంగు సమంగా పరుచుకున్నదా లేదా అన్నది పనివాళ్లు కంటితో కన్నా చేతికి తగిలే అదురుతోనే ఎక్కువ పోల్చుకుంటారు. చివర్లో ఎండిన మొగలి ఆకు మడిచి, తిరుగుతున్న బొమ్మకు అదిమి పడతారు. [అచ్చులో "మొగలి" మొదటి అక్షరం మడత మీద పడి అరిగింది. సందర్భాన్ని బట్టి చదివాను.] లక్క మళ్లీ కాస్త మెత్తబడి, ఆకు కింద నున్నగా సర్దుకుంటుంది. అప్పటిదాకా మసకగా ఉన్న బొమ్మ, చూసేవాళ్ల మొహం కనబడేంత మెరుపు తేలుతుంది. పక్కన నిలబడి చూసినవాళ్లకు ఆ క్షణం మరి మరుపు రాదు.

[మొదటి కాలమ్ ఇక్కడ ముగిసింది. వ్యాసం రెండో కాలమ్ పై భాగంలో కొనసాగుతుంది, బాక్స్‌లో కాదు.]

ఒకప్పుడు ఈ కడ్డీలకు రంగు చెట్ల నుంచే వచ్చేది. బజారులో రసాయన రంగు పొడులు చవగ్గా దొరకడం మొదలయ్యాక పని సులువైంది. డబ్బా మూత తీస్తే కావలసిన రంగు. కానీ బొమ్మ పసిపిల్లల చేతికి వెళుతుంది, చేతి నుంచి నేరుగా నోటికి వెళుతుంది. సీసం కలిసిన రంగు పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుందని వైద్యులు చెబుతూనే ఉన్నారు. ఈ ఊరికే చెందిన సి.వి.రాజు లాంటివారు పాత సహజ రంగులను మళ్లీ పట్టాలెక్కించడానికి పూనుకున్నది అందుకే. గింజలను, వేళ్లను, ఆకులను ఉడికించి రంగు తీయడం, దాన్ని లక్కలో నిలిచేలా కలపడం తీరిగ్గా చేయాల్సిన పని. ధరలో ఆ కష్టం కనబడాలి. కొనేవాళ్లు బేరమాడే ముందు ఈ సంగతి తెలుసుకోవాలని మా కోరిక.

2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇక ఈ పేరు పెట్టి ఎక్కడో చేసిన సరుకు అమ్మడం కుదరదు. పేరుకు రక్షణ దొరికింది సరే, కర్ర మాటేమిటి? అంకుడు నరికినా మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది, కానీ లేత్‌కు పనికొచ్చేంత లావు కావాలంటే ఏళ్లు ఆగాలి. దగ్గర్లోని కొండల్లో మంచి కర్ర దొరకడం తగ్గింది. పనివాళ్లు ఇప్పుడు అడుగుతున్నది మరో అవార్డు కాదు, ఊరి బంజరులోనూ చెరువు గట్ల మీదా అంకుడు మొక్కలు

[వాక్యం ఇక్కడ ఆగింది. మిగతాది 35వ పేజీ మొదట్లో ఉంది కాబట్టి ఆ పేజీ ఎత్తిరాతలోనే వస్తుంది. ఈ పేజీలో ప్రధాన వ్యాసం సమాప్తం.]

[పుల్ కోట్ మొదలు. మొదటి కాలమ్ మధ్యలో, ఎరుపు రంగు పెద్ద అక్షరాలు]

"రాపిడికి పుట్టిన వేడికి లక్క కరిగి చెక్కను పట్టుకుంటుంది. కుంచె లేదు, పొయ్యి లేదు."

[పుల్ కోట్ సమాప్తం. ఇవి వ్యాసంలోని మాటలే. మొదటి వాక్యం ముందు సగాన్ని పత్రికవారే వదిలేశారు, నేను పూరించలేదు. కొత్త సమాచారం ఏమీ లేదు కనుక విని చదివేవాళ్లు దీన్ని దాటేయవచ్చు.]

[బాక్స్ ఐటమ్ మొదలు. రెండో కాలమ్ కింద సగం, నీలం గీతల మధ్య]

ఏ రంగు ఎక్కడిది?

పసుపు రంగు వంటింటి పసుపు కొమ్ము నుంచే వస్తుంది. నారింజ రంగుకు జాఫ్రా గింజలు. గింజ పైపొరను వేలితో నలిపితేనే చేతికి ఎర్రగా అంటుకుంటుంది. ఎరుపుకు మంజిష్ఠ వేళ్లు. నీలానికి నీలిమందు ఆకు. ఆకుపచ్చకు వేరే చెట్టు వెతకక్కర్లేదు, పసుపూ నీలీ కలిపితే చాలు. కరక్కాయ రసంలో ఇనుము చేరితే నలుపు తేలుతుంది.

లక్క మాత్రం చెట్టు జిగురు కాదు. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద చేరే చిన్న పురుగులు తమ చుట్టూ కట్టుకునే గూడు అది. కొమ్మల నుంచి గీకి, శుభ్రం చేసి, వేడి మీద సాగదీస్తూ రంగు కలుపుతారు. మెత్తగా ఉండగానే కడ్డీలుగా చుడతారు.

[బాక్స్ ఐటమ్ సమాప్తం. బాక్స్ శీర్షిక వ్యాసం ఆఖరి పంక్తులకు బాగా దగ్గరగా అచ్చయింది. "మొక్కలు" తర్వాత "ఏ రంగు" అని కలిపి చదవకూడదు.]

[ఫొటో కింది మాట, పేజీ అడుగున]

లేత్ మీద తిరుగుతున్న భరిణె మూతకు ఎర్ర లక్క పూస్తున్న చేతులు.

[పేజీ అడుగు పంక్తి]

34 సంక్రాంతి ప్రత్యేకం తరువాయి 35లో