ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ టెక్నీషియన్ ఉద్యోగం, షిఫ్టుల వివరాల గురించి

మేడమ్ గారికి,

నమస్తే. శ్రీసిటీలోని మీ ప్లాంటులో టెక్నీషియన్ పోస్టుల గురించి నిన్న మీరు ఫోన్ చేసినప్పుడు నేను రైస్ మిల్లులో ఉన్నాను. ఆ చప్పుడులో మీరడిగినవాటికి అవును, కాదు అనడం తప్ప సరిగ్గా మాట్లాడలేకపోయాను. షిఫ్టులు చేయగలరా అంటే చేస్తానన్నాను. ఆ మాట మీదే ఉన్నాను. కాకపోతే నా పని అనుభవం మీకు పూర్తిగా తెలియాలి, షిఫ్టుల సంగతి నాకూ పూర్తిగా తెలియాలి. వివరాలు మెయిల్ చేయమన్నారు కాబట్టి కొంచెం పొడవుగానే రాస్తున్నాను.

మాది తిరుపతి జిల్లా వెంకటగిరి. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి, ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ డిప్లొమా చేశాను. 2022లో పాసయ్యాను. మార్కులు 78 శాతం, బ్యాక్‌లాగ్స్ లేవు. తర్వాత ఏడాది పాటు ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో టెక్నీషియన్ అప్రెంటిస్‌గా మెయింటెనెన్స్ విభాగంలో ఉన్నాను. కేంద్ర ప్రభుత్వ నాట్స్ పథకం కింద చేసింది కాబట్టి దాని సర్టిఫికెట్ ఉంది, జత చేశాను. ఆ తర్వాత కొన్నాళ్లు ఇంకో ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ ద్వారా పనిచేశాను. దాని గురించి కింద రాస్తాను. ఇప్పుడు నాయుడుపేట దగ్గర ఒక రైస్ మిల్లులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తున్నాను.

రైస్ మిల్లు అనగానే ఇంటర్వ్యూలలో చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నా వరకు అక్కడే ఎక్కువ నేర్చుకున్నాను. పెద్ద ఫ్యాక్టరీలో మోటారు ఆగితే ముగ్గురు వస్తారు, మిల్లులో నేనొక్కదాన్నే. ఒక ఉదాహరణ చెబుతాను. ఎలివేటర్‌కి 15 హెచ్‌పీ మోటారు, స్టార్ డెల్టా స్టార్టర్ ఉంది. నేను చేరేసరికే ఆ మోటారు కాలడం, రీవైండింగ్‌కి పంపడం అక్కడ మామూలైపోయింది. వైండింగ్ సరిగ్గా చేయడం లేదని అందరూ రీవైండింగ్ షాపతన్నే తిట్టేవాళ్లు. నేను ప్యానెల్ తెరిచి చూస్తే ఓవర్‌లోడ్ రిలే సెట్టింగ్ 21 ఆంప్స్ మీద ఉంది. మోటారు నేమ్‌ప్లేట్ మీద ఉన్న ఫుల్ లోడ్ కరెంటు కూడా అంతే కాబట్టి పైకి సరిగ్గానే కనిపిస్తుంది. కానీ ఆ స్టార్టర్‌లో రిలేని వైండింగ్ వైపు కలిపారు. అక్కడ వెళ్లేది లైన్ కరెంటులో సుమారు 58 శాతమే. అంటే సెట్టింగ్ 12 దగ్గర ఉండాలి. 21 మీద పెడితే మోటారు వేడెక్కి మాడిపోతున్నా రిలే ట్రిప్ అవ్వదు. సెట్టింగ్ తగ్గించగానే రిలే ట్రిప్ అవ్వడం మొదలైంది. దాంతో ఓనరు గారు ముందు నన్నే తిట్టారు, మోటారు ఆపేస్తున్నానని! ఎందుకు ఓవర్‌లోడ్ అవుతోందా అని వెతికితే కింది బేరింగ్ పట్టేసి ఉంది. అది మార్చాక మోటారు మళ్లీ కాలలేదు.

నాకు వచ్చిన పనులు ఇవీ: కంట్రోల్ వైరింగ్ డ్రాయింగ్ చూసి ఫాల్ట్ పట్టుకోవడం, కాంటాక్టర్లు, టైమర్లు, రిలేలు మార్చడం, మెగ్గర్‌తో ఇన్సులేషన్ చూడటం, మూడు ఫేజుల కరెంటు తేడా గమనించి సింగిల్ ఫేజింగ్ గుర్తించడం, వీఎఫ్‌డీలో ఫాల్ట్ కోడ్ చదివి పారామీటర్లు సరిచూడటం. పీఎల్‌సీ విషయంలో ఉన్నదున్నట్టు చెబుతాను. ల్యాడర్ చదవగలను. మెషిన్ ఆగితే ఏ ఇన్‌పుట్ రాలేదో, సెన్సర్ పోయిందా, కేబుల్ తెగిందా అన్నది పట్టగలను. సొంతంగా ప్రోగ్రామ్ రాసిన అనుభవం లేదు. మీ ప్రకటనలో "పీఎల్‌సీ పరిజ్ఞానం" అని ఉంది. అంటే ట్రబుల్‌షూటింగ్ వరకేనా, ప్రోగ్రామింగ్ కూడానా? ప్రోగ్రామింగే ముఖ్యమైతే ఇప్పుడే చెప్పండి, మీ సమయం వృథా కాదు.

లాకౌట్, ట్యాగౌట్ అప్రెంటిస్‌గా ఉన్నప్పుడే అలవాటైంది. మిల్లులో అలాంటి పద్ధతేమీ లేకపోతే నా డబ్బుతో ఒక తాళం కొనుక్కుని మెయిన్ ఐసోలేటర్‌కి వేస్తున్నాను. మొదట్లో నవ్వారు. ఇప్పుడు ఫిట్టర్ కూడా కన్వేయర్ మీద చెయ్యి పెట్టే ముందు "తాళం వేశావా అమ్మా" అని అడుగుతాడు.

ఇక షిఫ్టుల సంగతి. ఎ, బి, సి మూడు షిఫ్టులూ చేస్తాను, నైట్ డ్యూటీ కూడా. ఆడపిల్ల కదా, నైట్ వేయొచ్చో లేదో అని మీవాళ్లు సందేహించనక్కర్లేదు. రాతపూర్వకంగా అంగీకారం కావాలంటే ఇస్తాను. నైట్‌లో మెయింటెనెన్స్‌కి నన్నొక్కదాన్నే వేస్తారా, ఇంకెవరైనా ఆడవాళ్లు ఉంటారా అన్నది మాత్రం తెలియాలి. బస్సు గేటు దాకానే వస్తుందా, లేక ప్లాంటు లోపలికి వచ్చి ఎక్కించుకుంటుందా? రాత్రి పదికి బి షిఫ్ట్ దిగినవాళ్లను ఎక్కడ దించుతారు? ఇంట్లో వాళ్లు నన్ను మొదట అడిగే ప్రశ్న ఇదే, జీతం సంగతి ఆ తర్వాతే.

వెంకటగిరి నుంచి రోజూ వచ్చి వెళ్లడం కుదరదు. ఉద్యోగం వస్తే సూళ్లూరుపేటలోనో తడలోనో గది తీసుకుంటాను. కంపెనీ బస్సు ఈ రెండు ఊళ్లలో ఎక్కడెక్కడ ఆగుతుందో తెలిస్తే ఆ దగ్గర్లోనే గది చూసుకుంటాను. హాస్టల్ వసతి ఉంటే, దానికి జీతంలో ఎంత పట్టుకుంటారో కూడా తెలియజేయగలరు.

షిఫ్టు ఎన్ని రోజులకు మారుతుంది? వారానికా, పదిహేను రోజులకా? మారడం ఎ నుంచి బి, బి నుంచి సి వరసలోనేనా? ఇది చాదస్తంగా అనిపించవచ్చు. సాయంత్రం నుంచి రాత్రికి జరిగితే నిద్ర సర్దుకుంటుంది. వెనక్కి, అంటే సి నుంచి బికి, బి నుంచి ఎకి మారిస్తే ప్రతిసారీ నిద్ర చెడుతుంది. నిద్రమత్తులో 415 వోల్టుల ప్యానెల్ ముందు నిలబడటం నాకిష్టం లేదు, మీక్కూడా ఇష్టం ఉండదనుకుంటాను. వీక్లీ ఆఫ్ ఏ రోజు వస్తుంది, నైట్ వారం అయిపోగానే వస్తుందా అని అడగడం కూడా అందుకే.

ఇంత వివరంగా అడగడానికి కారణం నేను కాంట్రాక్టర్ ద్వారా చేసిన ఉద్యోగం. ప్రకటనలో టెక్నీషియన్ అని ఉంది. చేరాక చేయించింది లైన్ ఆపరేటర్ పని. ఎనిమిది గంటలూ ఒకే స్టేషన్‌లో నిలబడి భాగాలు ఫిక్స్చర్‌లో పెట్టి బటన్ నొక్కడమే. టూల్ కిట్ ముట్టుకునే అవసరమే రాలేదు. ఆపరేటర్ పనిని చిన్నచూపు చూసి ఈ మాట అనడం లేదు. ఆ పనికి ఉండే ఓపిక వేరు. కానీ రెండేళ్లు అలాగే గడిస్తే నా డిప్లొమాలో నేర్చుకున్నది చేతిలోంచి పోతుంది. అదీగాక, రిలీవర్ రాకపోతే సి షిఫ్ట్ దిగాల్సిన వాళ్లం అలాగే ఎ షిఫ్ట్ కూడా చేసి మధ్యాహ్నం రెండింటికి బయటపడేవాళ్లం. ఓవర్‌టైమ్‌కి చట్టప్రకారం రెట్టింపు రేటు రావాలి. స్లిప్‌లో సింగిల్ రేటే వేసేవారు. కంపెనీని అడిగితే కాంట్రాక్టర్‌ని అడగమనేవాళ్లు, కాంట్రాక్టర్‌ని అడిగితే కంపెనీ ఇంకా బిల్లు పాస్ చేయలేదనేవాడు.

అందుకే సూటిగా అడుగుతున్నాను, ఏమీ అనుకోవద్దు. ఈ పోస్టు మెయింటెనెన్స్ విభాగంలోనిదేనా? ఆఫర్ లెటర్ కంపెనీ పేరు మీద వస్తుందా, కాంట్రాక్టర్ పేరు మీద వస్తుందా? మొదట కాంట్రాక్టులో తీసుకుని తర్వాత కంపెనీ రోల్స్‌లోకి తీసుకునే పద్ధతైతే దానికీ నేను సిద్ధమే. ఎన్ని నెలలకు, దేన్ని బట్టి తీసుకుంటారో ఆఫర్ లెటర్‌లో ఒక వాక్యం ఉంటే చాలు. రిలీవర్ రాని రోజు ఉండిపోవడానికి కూడా నాకు అభ్యంతరం లేదు, అది మెయింటెనెన్స్‌లో మామూలే. ఓవర్‌టైమ్ లెక్క మాత్రం పే స్లిప్‌లో కనపడాలి.

జీతం ఎంత అనుకుంటున్నారని అడిగారు. మిల్లులో నాకు చేతికి వచ్చేది నెలకు 16,000 రూపాయలు, పీఎఫ్, ఈఎస్ఐ లేవు. కొత్త ఊళ్లో గది అద్దె, భోజనం చూసుకుంటే కటింగులు పోను 19,000 చేతికి రావాలి. నైట్ షిఫ్ట్ అలవెన్స్ దీనికి అదనంగా ఇస్తారా, ఇందులో కలిపే చెబుతారా? మీరు చెప్పే అంకె గ్రాస్ అయితే బేసిక్ ఎంతో కూడా చెప్పండి. పీఎఫ్‌కి బేసిక్ మీద 12 శాతం పోతుంది కాబట్టి చేతికి ఎంత వస్తుందో నేనే లెక్క వేసుకుంటాను.

సర్టిఫికెట్ల గురించి ఒక మాట. ఒరిజినల్స్ అన్నీ నా దగ్గరే ఉన్నాయి, ఇంటర్వ్యూకి తెస్తాను, ఎంతసేపైనా సరిచూసుకోండి. జాయినింగ్ రోజు వాటిని మీ దగ్గర పెట్టుకునే నియమం ఉంటే మాత్రం నాకు కుదరదు. బాండ్ ఉంటే ముందే ఒక కాపీ పంపండి, ఇంట్లో చూపించాలి. ఇంకొక విషయం, మీ కంపెనీ పేరు చెప్పి ఒకతను మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఇంటర్వ్యూ స్లాట్‌కి 2,500 రూపాయలు అడుగుతున్నాడు. అతను మీ మనిషి కాదనే అనుకుంటున్నాను. జూనియర్లు కొందరు కట్టేలా ఉన్నారు, కాదని మీరు ఒక్క లైన్ రాస్తే గ్రూపులో పెడతాను.

ఇంటర్వ్యూకి ఏ రోజైనా వస్తాను, రెండు రోజుల ముందు చెబితే మిల్లులో సెలవు అడుగుతాను. ప్రాక్టికల్ టెస్ట్ ఉంటే సంతోషం, కాగితం మీద కంటే ప్యానెల్ ముందే నేను బాగా చెప్పగలను. సెలెక్ట్ అయితే మిల్లు ఓనరు గారికి పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. కొత్త మనిషికి ప్యానెళ్లన్నీ చూపించే వస్తానని మాటిచ్చాను, అంతకంటే ముందు జాయిన్ కాలేను. ఫోన్ సాయంత్రం ఆరు తర్వాత చేస్తే నెమ్మదిగా మాట్లాడగలను, పగలైతే మెసేజ్ పెట్టండి చాలు.

రెజ్యూమె, డిప్లొమా మార్కుల మెమోలు, అప్రెంటిస్ సర్టిఫికెట్ జత చేశాను.

ఇట్లు,
హారిక
వెంకటగిరి